ఘనాల భేదంలో దాగిన వర్గాల భేదం

8051కి కారణాంకాలు కనుక్కోమంటే మనం మామూలుగా భాగహారం మొదలుపెడతాం. రెండుతో పోదు. అంకెల మొత్తం 14 కాబట్టి మూడుతోనూ పోదు. ఐదుతో పోదు, ఏడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. ఇలా ప్రధాన సంఖ్యలను ఒక్కొక్కటే పట్టుకుని వెళ్తే 83 దాకా ఏదీ దాన్ని నిశ్శేషంగా భాగించదు. అంతవరకూ ఓపిక పట్టేవాళ్ళు తక్కువ. కానీ ఆ సంఖ్య 8100కి దగ్గరలో ఉందని గమనిస్తే పని క్షణంలో అయిపోతుంది. 8100 అంటే 90 వర్గం. అందులోంచి 49 తీసేస్తే 8051. 49 అంటే 7 వర్గం. కాబట్టి 8051 = 90² − 7². ఇది (90 − 7)(90 + 7), అంటే 83 × 97.

ఇప్పుడు 1727 తీసుకుందాం. 12 ఘనం 1728 అని గుర్తున్నవాళ్ళకు ఇది 12³ − 1³ అని తెలిసిపోతుంది. ఇక్కడా భాగహారం అక్కర్లేదు. మొదటి కారణాంకం 12 − 1, అంటే 11. రెండోది 144 + 12 + 1, అంటే 157. గుణించి చూసుకోండి, 11 × 157 = 1727.

మొదటి సూత్రం, a² − b² = (a − b)(a + b), బడి వదిలి ఇరవై ఏళ్ళయినవాళ్ళకు కూడా నోటికి వస్తుంది. రెండోది అలా కాదు. a³ − b³ = (a − b)(a² + ab + b²), a³ + b³ = (a + b)(a² − ab + b²) అని తొమ్మిదో తరగతి బహుపదుల పాఠంలో చదివినవాళ్ళే మధ్యలో ab వస్తుందా 2ab వస్తుందా, ప్లస్సా మైనస్సా అని తడబడతారు. రెంటినీ వేర్వేరు సూత్రాలుగా బట్టీ పట్టించడం వల్లే ఈ తడబాటు అని నా అభిప్రాయం. ఘనాల సూత్రం కొత్తదేమీ కాదు. వర్గాల సూత్రాన్నే ఒక మెట్టు పైకి ఎక్కిస్తే అది వస్తుంది. ఆ మెట్టు ఏమిటో ఒక్కసారి కళ్ళారా చూస్తే సంకేతాలు గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే ఉండదు.

ముందు వర్గం సంగతి. గళ్ళ కాగితం మీద అయిదు గళ్ళ భుజంతో ఒక చతురస్రం గీయండి. దాని ఒక మూలలోంచి రెండు గళ్ళ భుజం ఉన్న చిన్న చతురస్రాన్ని కత్తిరించి తీసేయండి. 25 గళ్ళలో 4 పోయి 21 మిగులుతాయి. మిగిలిన ముక్క మడత పెట్టిన మోచేయి ఆకారంలో ఉంటుంది. దాన్ని ఒక్క కోతతో రెండు దీర్ఘచతురస్రాలు చేయొచ్చు. ఒకటి 5 × 3, రెండోది 2 × 3. రెంటికీ ఒక భుజం 3. ఆ భుజాలు ఆనేలా రెంటినీ జరిపి పక్కపక్కన పెడితే 7 × 3 దీర్ఘచతురస్రం తయారవుతుంది. ఆ మూడు 5 − 2. ఆ ఏడు 5 + 2. వర్గాల భేదం కథ ఇంతే.

ఇప్పుడు అదే పని ఘనంతో చేద్దాం. పిల్లలు బడి ప్రాజెక్టులకు వాడే థర్మాకోల్‌తో అయిదు సెంటీమీటర్ల భుజం ఉన్న ఘనాన్ని కోసి బల్ల మీద పెట్టండి. దాని ఘనపరిమాణం 125 ఘన సెంటీమీటర్లు. పైభాగంలో ఒక మూల నుంచి రెండు సెంటీమీటర్ల చిన్న ఘనాన్ని తొలగించండి. 8 పోయి 117 మిగిలాయి. పైనుంచి చూస్తే ఆ మూల మనకు ఇందాకటి గళ్ళ కాగితంలాగే కనిపిస్తుంది, అయిదు భుజాల చతురస్రంలో రెండు భుజాల చిన్న చతురస్రం పోయినట్టు. తేడా ఒక్కటే. కాగితంలో ఆ మూల పూర్తిగా ఖాళీ. ఇక్కడ చిన్న ఘనం పోయినా దాని కింద మూడు సెంటీమీటర్ల ఎత్తున ఒక దిమ్మ మిగిలే ఉంది.

ఆ దిమ్మను విడిగా కోసి పక్కన పెట్టండి. దాని కొలతలు 2 × 2 × 3, ఘనపరిమాణం 12. మిగిలింది మోచేయి ఆకారంలో అయిదు సెంటీమీటర్ల ఎత్తున నిలబడిన గోడ. దాని అడుగు వైశాల్యం మనకు ముందే తెలుసు, 21. ఎత్తు 5 కాబట్టి ఘనపరిమాణం 105. పన్నెండూ నూట అయిదూ కలిపితే 117, లెక్క సరిపోయింది.

ఇక్కడ ఒక క్షణం ఆగి ఆ గోడను చూడాలి. దాని అడుగు వర్గాల భేదం. అంటే ఘనాల భేదంలో అత్యధిక భాగం, 117లో 105 వంతు, అయిదు రెట్లు నిలబెట్టిన వర్గాల భేదమే. దాన్ని కాగితాన్ని కోసినట్టే కోస్తే 5 × 5 × 3 ముక్క ఒకటి, 5 × 2 × 3 ముక్క ఒకటి వస్తాయి. పక్కన పెట్టిన దిమ్మ 2 × 2 × 3. మొత్తం మూడు ముక్కలు. మూడింటిలోనూ 3 ఉంది. మూడూ ఒకే మందం ఉన్న పలకలు అన్నమాట. మందం 3, మూడు పలకల వైశాల్యాలు 25, 10, 4. కలిపితే 39. కాబట్టి 117 = 3 × 39. అంకెల బదులు అక్షరాలు పెడితే మందం a − b, వైశాల్యాలు a², ab, b². ఇదే ఘనాల భేదం సూత్రం.

మధ్యలో ab ఒక్కటే ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చేతిలో ఉంది. 5 × 2 ముఖం ఉన్న పలక ఒక్కటే ఉంది, రెండు లేవు. ఎవరైనా పొరపాటున 2ab రాశారనుకోండి. అప్పుడు రెండో బ్రాకెట్ 25 + 20 + 4 = 49 అవుతుంది. మూడుతో గుణిస్తే 147. మొదట మన దగ్గరున్న ఘనమే 125. అందులోంచి కొంత తీసేశాక 147 మిగలడం అసాధ్యం.

ఈ విధంగా ఘనాన్ని వర్గాల భేదంగా, ఒక చిన్న దిమ్మగా విడదీయడం మన దేశంలో చాలా పాతది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో ఉన్న జైన గణితవేత్త మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో ఘనం కట్టడానికి ఒక పద్ధతి చెప్పాడు. నేటి అక్షరాల్లో రాస్తే అది ఇలా ఉంటుంది:

a³ = a(a + b)(a − b) + b²(a − b) + b³

మొదటి పదం మన మోచేయి గోడ. రెండోది దిమ్మ. మూడోది మనం తీసేసిన చిన్న ఘనం. మూడూ తిరిగి చేరిస్తే పెద్ద ఘనం. ఈ మహావీరాచార్యుడి గ్రంథాన్నే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన ‘సారసంగ్రహ గణితం’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో గణితానికి అంత పాత చరిత్ర ఉంది.

మహావీరాచార్యుడి పద్ధతి కారణాంకాల కోసం పుట్టింది కాదు, ఘనాన్ని సులువుగా లెక్కగట్టడానికి పుట్టింది. దాని అందం ఒక లెక్కలో చూద్దాం. 97 ఘనం కావాలి. మామూలుగా చేస్తే 97 × 97, మళ్ళీ ఇంటూ 97. అలా కాకుండా b స్థానంలో 3 తీసుకుంటే 97 + 3 = 100, 97 − 3 = 94. మొదటి పదం 97 × 100 × 94. 97 × 94 అంటే 9118, దానికి రెండు సున్నాలు చేరిస్తే 9,11,800. రెండో పదం 9 × 94 = 846. మూడోది 27. మొత్తం 9,12,673. ఆ b మన ఇష్టం. వందో, వెయ్యో వచ్చేలా ఎంచుకుంటే గుణకారం తేలికైపోతుంది.

ఆ సమీకరణంలో చివరి b³ను ఎడమ వైపుకు తీసుకెళ్ళండి. ఎడమ వైపు a³ − b³ అవుతుంది. కుడి వైపు మిగిలిన రెండు పదాల్లోనూ a − b ఉమ్మడిగా ఉంది. దాన్ని బయటికి తీస్తే లోపల a(a + b) + b² మిగులుతుంది, విప్పితే a² + ab + b². తొమ్మిదో తరగతి సూత్రం వచ్చేసింది. దీన్ని పరీక్షలో ఎప్పుడైనా మరిచిపోతే a³ − b³ మధ్యలో ab² ఒకసారి తీసి ఒకసారి కలిపితే చాలు:

a³ − ab² + ab² − b³ = a(a² − b²) + b²(a − b)

వర్గాల భేదం తెలిసినవాళ్ళు ఇక్కడినుంచి మిగతాది సొంతంగా రాసేస్తారు.

ఘనాల మొత్తానికి మళ్ళీ బొమ్మ గీయనక్కర్లేదు. b ఉన్న ప్రతిచోటా −b రాస్తే సరిపోతుంది. మైనస్ సంఖ్య ఘనం మైనస్‌గానే ఉంటుంది కాబట్టి a³ − (−b)³ అంటే a³ + b³. a − b కాస్తా a + b అవుతుంది. ab కాస్తా −ab అవుతుంది. b² మాత్రం మారదు, ఎందుకంటే మైనస్‌ను వర్గం చేస్తే ప్లస్సే. అందుకే a³ + b³ = (a + b)(a² − ab + b²). మొదటి బ్రాకెట్ సంకేతం లెక్కలో ఉన్న సంకేతమే, మధ్య పదానిది దానికి వ్యతిరేకం, చివరిది ఎప్పుడూ ప్లస్. సరిచూసుకోవడానికి 27 + 8 = 35 చాలు. 3 + 2 = 5, 9 − 6 + 4 = 7. అయిదేళ్ళు ముప్పై అయిదు.

అదే కిటుకు వర్గాల మీద ప్రయోగిస్తే? a² − b²లో b బదులు −b పెడితే మళ్ళీ a² − b² వస్తుంది. మైనస్ వర్గంలో కలిసి మాయమైపోయింది. అందుకే ఆ దారిలో a² + b²కు సూత్రం పుట్టదు. పుట్టకపోవడానికి ఇంకా గట్టి కారణం ఉంది. a, b లతో మొదటి ఘాతంలో ఒక కారణాంకం ఉంటే, ఆ కారణాంకం సున్నా అయిన చోట మొత్తం సమాసం కూడా సున్నా కావాలి. a = −b అయినప్పుడు a³ + b³ సున్నా అవుతుంది, కాబట్టి a + b దానికి కారణాంకం. a² + b² మాత్రం రెండూ సున్నా అయితే తప్ప సున్నా కాదు. రెండు ధన సంఖ్యల మొత్తం సున్నా ఎలా అవుతుంది? కాబట్టి వాస్తవ సంఖ్యల్లో దానికి అలాంటి కారణాంకం లేదు.

ఇదే వాదన ఘనాల సూత్రంలోని పొడవాటి బ్రాకెట్‌కూ వర్తిస్తుంది. a² + ab + b²ను ఇంకా విడదీయాలని చాలామంది కాగితం నలుపు చేస్తారు. దాన్ని (a + b/2)² + ¾b² అని రాయొచ్చు. ఇది కూడా రెండు వర్గాల మొత్తమే. కాబట్టి అది ఇక విడిపోదు. అక్కడితో ఆగిపోవచ్చు.

ఇక గుర్తుపట్టడం. సూత్రం వచ్చినా అది ఎక్కడ వాడాలో తట్టకపోతే ప్రయోజనం లేదు. లెక్కలో రెండే పదాలున్నాయంటే మొదట అడగాల్సింది రెండూ వర్గాలేనా, రెండూ ఘనాలేనా అని. 1, 8, 27, 64, 125, 216, 343, 512, 729, 1000 అన్న మొదటి పది ఘనాలు కంటికి అలవాటైతే సగం పని అయినట్టే. అక్షరాలకైతే పైనున్న ఘాతం చూడాలి. ఘాతం సరిసంఖ్య అయితే వర్గం, మూడుతో భాగిస్తే పోయేదైతే ఘనం. x⁹ అంటే (x³)³. x⁸ వర్గమే కానీ ఘనం కాదు.

పరీక్షల్లో లెక్క ఎప్పుడూ ఇంత తేటగా కనిపించదు. 16x³ − 54 చూడండి. 16 ఘనం కాదు, 54 ఘనం కాదు. ఇక్కడే చాలామంది ఇది విడిపోదని వదిలేస్తారు. కానీ రెంటిలోనూ 2 ఉమ్మడిగా ఉంది. దాన్ని బయటికి తీస్తే 2(8x³ − 27). ఇప్పుడు లోపల రెండూ ఘనాలే, (2x)³, 3³. ఉమ్మడి కారణాంకాన్ని ముందుగా తీయడం అలంకారం కోసం కాదు, అది తీస్తే తప్ప ఘనాలు బయటపడని లెక్కలు ఇలా ఎన్నో ఉంటాయి.

తర్వాతి అడుగులో తొందరపడకూడదు. పక్కన a = 2x, b = 3 అని విడిగా రాసుకోవాలి. a² అంటే మొత్తం 2x వర్గం, 4x². ఇక్కడ 2x² అని రాసేవాళ్ళు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ab అంటే 2x × 3 = 6x. b² అంటే 9. కాబట్టి

16x³ − 54 = 2(2x − 3)(4x² + 6x + 9)

సరైందో కాదో తెలుసుకోవడానికి మొత్తం విప్పి గుణించనక్కర్లేదు. x బదులు ఒక చిన్న సంఖ్య పెట్టి రెండు వైపులా లెక్కగడితే చాలు. x = 2 పెడితే ఎడమ వైపు 128 − 54 = 74. కుడి వైపు 2 × 1 × (16 + 12 + 9), అంటే 2 × 37 = 74. సరిపోయింది. మధ్యలో పొరపాటున 12x రాసి ఉంటే కుడి వైపు 98 వచ్చి తప్పు వెంటనే బయటపడేది. ఈ పరీక్షకు సున్నా మాత్రం వాడకండి. x = 0 పెడితే మధ్య పదం మొత్తం మాయమైపోతుంది, 6x రాసినా 12x రాసినా రెండు వైపులా −54 వచ్చి తప్పు లెక్క కూడా ఒప్పులా కనిపిస్తుంది. ఏ పదంలో పొరపాటుకు అవకాశం ఎక్కువో ఆ పదాన్నే సున్నా దాచేస్తుంది.

ఈ రెండు సూత్రాలూ ఒకేచోట కలిసినప్పుడు ఏం జరుగుతుందో చూడటం నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. x⁶ − 64 తీసుకోండి. x⁶ వర్గమూ అవుతుంది, (x³)². ఘనమూ అవుతుంది, (x²)³. 64 కూడా అంతే, 8 వర్గం, 4 ఘనం. మరి ఏ సూత్రంతో మొదలుపెట్టాలి?

వర్గాలతో మొదలుపెడితే (x³ − 8)(x³ + 8). ఒకటి ఘనాల భేదం, ఒకటి ఘనాల మొత్తం. రెంటినీ విడదీస్తే

(x − 2)(x² + 2x + 4)(x + 2)(x² − 2x + 4)

నాలుగు కారణాంకాలు వచ్చాయి. రెండు పొడవాటి బ్రాకెట్లూ ఇక విడిపోవని మనకు తెలుసు, పని పూర్తయింది.

ఘనాలతో మొదలుపెడితే (x² − 4)(x⁴ + 4x² + 16). మొదటిది వర్గాల భేదం, (x − 2)(x + 2). రెండోది దగ్గర దారి మూసుకుపోయినట్టు ఉంటుంది. ఇది a² + ab + b² రూపంలోనే ఉంది కదా, విడిపోదని ఇందాకే చెప్పుకున్నాం కదా అని విద్యార్థి ఇక్కడ ఆగిపోతాడు. కానీ మొదటి దారిలో నాలుగు కారణాంకాలు వచ్చాయి, ఇక్కడ మూడే వచ్చాయి. ఒకే సమాసానికి రెండు జవాబులు ఉండకూడదు. ఎక్కడో ఒకచోట పని మిగిలిపోయింది.

మిగిలింది ఇదీ. a స్థానంలో x², b స్థానంలో 4 ఉన్నాయి. ab పదం 4x², అది స్వయంగా ఒక వర్గం, (2x)². మామూలుగా ab వర్గం కాదు, అందుకే దాన్ని వాడుకోలేం. ఇక్కడ అవుతుంది కాబట్టి ఒక 4x² కలిపి, ఒక 4x² తీసేద్దాం. x⁴ + 8x² + 16 − 4x² అవుతుంది. మొదటి మూడు పదాలు కలిసి (x² + 4)². చివరిది (2x)². మళ్ళీ వర్గాల భేదమే వచ్చింది:

(x² + 4)² − (2x)² = (x² + 2x + 4)(x² − 2x + 4)

అవే నాలుగు కారణాంకాలు. ఎటునుంచి వెళ్ళినా ఒకేచోటికి చేరాం, కానీ రెండో దారిలో ఒక గది తలుపు వెతికి తీయాల్సి వచ్చింది. కాబట్టి ఆరో ఘాతాల భేదం ఎదురైతే వర్గాలతో మొదలుపెట్టడం మేలు. x = 3 పెట్టి సరిచూడండి. 729 − 64 = 665. నాలుగు బ్రాకెట్లు 1, 19, 5, 7. గుణిస్తే 665.

మైనస్ బదులు ప్లస్ ఉంటే? x⁶ + 64 వర్గాల మొత్తం కదా, విడిపోదని తేల్చేయడం తొందరపాటు. అది వర్గాల మొత్తం అవునుగానీ ఘనాల మొత్తం కూడా. (x²)³ + 4³ అని చూస్తే (x² + 4)(x⁴ − 4x² + 16). x = 1 పెడితే 65 = 5 × 13. రెండో బ్రాకెట్‌ను ఇందాకటి కిటుకుతో విడదీయబోతే (x² + 4)² − 12x² వస్తుంది. 12 వర్గం కాదు, దాని వర్గమూలం పూర్ణ సంఖ్య కాదు. బడిలో పూర్ణ సంఖ్యల గుణకాలతోనే కారణాంకాలు రాస్తాం కాబట్టి అక్కడ ఆగుతాం. x² + 64 దగ్గర వర్గాల మొత్తం విడిపోదన్న మాట ఖాయం. ఘాతం పెరిగేకొద్దీ ఆ మాట మీద గుడ్డిగా ఆధారపడకూడదు, ఘనం కూడా అవుతుందేమో చూశాకే నిర్ణయించాలి.

అక్షరాల నుంచి మళ్ళీ అంకెల్లోకి వస్తే ఈ సూత్రాలకు ఇంకో రుచి ఉంది. 1729 కథ తెలియనివాళ్ళు తక్కువ. లండన్ దగ్గర పట్నీలో జబ్బుతో ఉన్న రామానుజన్‌ను చూడటానికి హార్డీ ఆ నంబరున్న టాక్సీలో వెళ్ళడం, అది ఏ విశేషమూ లేని సంఖ్య అని హార్డీ అంటే, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాయగలిగిన అతి చిన్న సంఖ్య అదేనని రామానుజన్ చెప్పడం చాలాసార్లు చదివాం. ఆ రెండు విధాలనూ మన సూత్రంలో పెట్టి చూడటం మాత్రం అరుదు. 12³ + 1³ అంటే (12 + 1)(144 − 12 + 1), 13 × 133. 10³ + 9³ అంటే (10 + 9)(100 − 90 + 81), 19 × 91. ఒకే సంఖ్య రెండు రకాలుగా విడిపోయింది. 13 అందులో ఉంది, 19 కూడా ఉంది. రెండూ ప్రధాన సంఖ్యలు కాబట్టి 133లో 19 ఉండి తీరాలి, 91లో 13 ఉండి తీరాలి. భాగిస్తే రెండుచోట్లా మిగిలేది 7. కాబట్టి 1729 = 7 × 13 × 19. ఘనాలను రెండు విధాల గుర్తుపట్టడం వల్ల కారణాంకాలన్నీ దాదాపు భాగహారం లేకుండానే దొరికాయి.

ఇక్కడ ఒక సందేహం రావాలి. పొడవాటి బ్రాకెట్ విడిపోదన్నాం, మరి 133 అనే పొడవాటి బ్రాకెట్ 7 × 19గా ఎలా విడిపోయింది? విడిపోదన్న మాట అక్షరాలకు. a, b ఏవైనా సరే పనిచేసే ఒకే సూత్రం లేదని దానర్థం. ఫలానా అంకెలు పెట్టాక వచ్చిన సంఖ్య ప్రధానం కావచ్చు, కాకపోవచ్చు. 1727లో వచ్చిన 157 ప్రధాన సంఖ్య, 1729లో వచ్చిన 133 కాదు. బీజగణితం ఒక మెట్టు దాకా తీసుకెళ్తుంది, ఆ తర్వాత అంకెల స్వభావం అంకెలదే.

చివరగా ఇంట్లో పిల్లలతో కలిసి చేయడానికి ఒక లెక్క. ఆరు తొమ్మిదులున్న 9,99,999 తీసుకోండి. అది పది లక్షలకు ఒకటి తక్కువ, అంటే 10⁶ − 1. ముందు వర్గాలతో విడదీయమనండి, 999 × 1001 వస్తుంది. తర్వాత 10³ − 1ను, 10³ + 1ను ఘనాల సూత్రాలతో విడదీయమనండి. మొదటిది 9 × 111, రెండోది 11 × 91. 91 అంటే 7 × 13. కాబట్టి 9,99,999ను ఏడు నిశ్శేషంగా భాగిస్తుంది, భాగఫలం 1,42,857. ఒకటిని ఏడుతో భాగిస్తూ పోతే 0.142857142857... అని అవే ఆరు అంకెలు అదే వరుసలో తిరిగి తిరిగి రావడానికి కారణం ఇదే.